పెద్ద మెయిల్‌ను వాట్సాప్‌కి, లింక్డ్‌ఇన్‌కి సరిపడేలా కుదించడం ఎలా?

మా వదిన ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి అమ్ముతుంది. ఊళ్లో దుకాణాలకు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న పనే. హైదరాబాద్ కంపెనీలు దీపావళికి ఉద్యోగులకు ఇచ్చే గిఫ్టు బాక్సుల ఆర్డర్లు పట్టుకోవాలని రెండేళ్ల కింద మొదలుపెట్టాం. మెసేజ్‌లు రాసే పని నాకు అప్పగించారు. మొదటి ఏడాది మంచి మెయిల్ ఒకటి రాసి, దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లోనూ లింక్డ్‌ఇన్‌లోనూ పంపాను. మెయిల్‌కు అప్పుడప్పుడు జవాబు వచ్చేది. వాట్సాప్‌లో ఒకాయన మాత్రం "ఇంతకీ ఏం కావాలండీ?" అని అడిగారు. ధర, డెలివరీ, లైసెన్స్ నంబర్‌తో సహా అన్నీ అందులో ఉన్నాయి. మేం అడుగుతున్నదేమిటో ఆయనకు అర్థమయ్యేలా మాత్రం లేదు.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతిని మా పూతరేకుల ఉదాహరణతోనే చెబుతాను. మీరు అమ్మేది పచ్చళ్లయినా, చేనేత చీరలైనా, మీరు చేసే అకౌంట్స్ పనైనా కొలతలు ఇవే.

ముందు మెయిల్ పూర్తిగా రాయండి

చిన్న మెసేజ్ పంపాలనుకున్నా ముందు పెద్ద మెయిల్ రాసుకోండి. చెప్పాల్సినదంతా ఒకచోట ఉంటేనే ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలుస్తుంది. పైగా అవతలివారు "వివరాలు పంపండి" అన్న రోజున అదే మెయిల్ పనికొస్తుంది. మాది ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: దీపావళికి ఉద్యోగులకు ఆత్రేయపురం పూతరేకులు – ధరలు, డెలివరీ వివరాలు
>
> నమస్కారం మేడమ్,
>
> మేము ఆత్రేయపురంలో 14 ఏళ్లుగా పూతరేకులు తయారుచేస్తున్నాం. మీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒకరు గత సంక్రాంతికి మా దగ్గర తీసుకున్నారు. దీపావళి గిఫ్టుల విషయం మీతో మాట్లాడమని వారే చెప్పారు.
>
> బెల్లం, డ్రైఫ్రూట్ పూతరేకులు పది ఉండే బాక్సు 240 రూపాయలు, జీఎస్టీ అదనం. కనీసం 100 బాక్సులు తీసుకోవాలి. బాక్సు మీద మీ కంపెనీ పేరు వేయించి ఇస్తాం. ఆర్డర్ ఖాయమైన 12 రోజుల్లో మీ ఆఫీసుకు చేరుస్తాం. సగం అడ్వాన్స్, మిగతాది డెలివరీ రోజున.
>
> ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్, జీఎస్టీ వివరాలు, ఫోటోలు జతచేశాను. రుచి చూడాలనుకుంటే ఒక శాంపిల్ బాక్సు పంపుతాం. ఈ వారంలో ఒకసారి ఫోన్లో మాట్లాడే వీలుందా?

మెయిల్‌గా ఇందులో లోపం లేదు. హెచ్‌ఆర్ మేనేజర్ దీన్ని యథాతథంగా పై అధికారికీ, అకౌంట్స్‌కీ ఫార్వర్డ్ చేయగలరు. మెయిల్ అసలు బలం అదే: మీరు పక్కన లేకపోయినా మీ తరఫున మాట్లాడుతుంది. అందుకే దానికి అన్ని వివరాలూ కావాలి. వాట్సాప్ మెసేజ్‌కు ఆ పని లేదు. అది చదివినావిడ ఒక్క మాట జవాబిస్తే చాలు.

ఏ వాక్యం తీయాలో తేల్చుకునే ప్రశ్న

చాలామంది కుదించమంటే ప్రతి వాక్యాన్నీ కొంచెం కొంచెం నొక్కుతారు. పది విషయాలు పది ముక్కలై అలాగే మిగులుతాయి. చదివేవారికి మెయిల్ కంటే అదే ఎక్కువ కష్టం. విషయాలనే తగ్గించాలి.

మెయిల్‌లోని ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఇలా అడగండి: ఈ సంగతి తెలియకపోతే ఆవిడ నాకు జవాబివ్వలేరా? ఇవ్వగలరంటే తీసేయండి.

మా మెయిల్‌ను ఇలా చూద్దాం. 14 ఏళ్ల అనుభవం తెలియకపోయినా జవాబివ్వగలరు. తీసేశాం. అడ్వాన్స్ సంగతి ఆర్డర్ ఇచ్చే రోజు మాట. తీసేశాం. బాక్సు మీద కంపెనీ పేరు వేయించడం నాకు బాగా నచ్చిన విషయం, తీయడానికి మనసొప్పలేదు. అయినా అది లేకుండానే ఆవిడ "పంపండి" అనగలరు కాబట్టి అదీ పోయింది. లైసెన్స్ నంబర్లు అడిగినప్పుడు పంపవచ్చు. ఎవరు చెప్పి పంపారన్నది మాత్రం ఉండాలి. అది లేకపోతే ఇది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్, జవాబివ్వాల్సిన అవసరమే కనబడదు. మనం ఎవరం, ఏం అమ్ముతాం అన్నదీ ఉండాలి.

ఇక చివరి ప్రశ్న. "ఫోన్లో మాట్లాడే వీలుందా?" అన్నది మెయిల్‌లో బాగానే ఉంటుంది. తెలియనివాళ్ల మెసేజ్‌లో అది బరువు. దానికి ఒప్పుకోవాలంటే ఆవిడ క్యాలెండర్ చూసుకోవాలి, పావుగంట కేటాయించాలి, మొహమాటపడాలి. "అవును", "కాదు", "పంపండి", "ఫలానావారిని అడగండి" లాంటి ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్నగా దాన్ని మార్చండి. మెసేజ్ ఎన్ని వాక్యాలన్న దానికంటే ఈ మార్పే ఎక్కువ జవాబులు తెచ్చిపెట్టింది మాకు.

లింక్డ్‌ఇన్ రిక్వెస్ట్‌తో వెళ్లే నోట్

లింక్డ్‌ఇన్‌లో పరిచయం లేనివారికి కనెక్షన్ రిక్వెస్ట్ పంపేటప్పుడు చిన్న నోట్ జతచేయవచ్చు. ప్రీమియం లేని ఖాతాకు అందులో 200 అక్షరాలే పడతాయి. ప్రీమియం ఉంటే 300. ఉచిత ఖాతాతో నెలకు కొన్ని రిక్వెస్టులకే నోట్ పెట్టనిస్తారు. కాబట్టి కనిపించినవారందరికీ కాకుండా, ఆ పని నిజంగా చూసేవారని ప్రొఫైల్‌లో తెలిసినవారికే నోట్ వాడండి. ఫోన్‌లో Connect నొక్కగానే నోట్ అడగకుండా రిక్వెస్ట్ వెళ్లిపోవచ్చు. కంప్యూటర్‌లో అయితే Add a note కనబడుతుంది, అక్కడి నుంచి పంపడం నయం. పొరపాటున పంపిన రిక్వెస్ట్‌ను వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు.

తెలుగులో రాసేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మన కంటికి "నమస్తే" మూడు అక్షరాలు. యంత్రానికి ఆరు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. గుణింతాలు, ఒత్తులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. అందువల్ల 200 అంటే మనం అనుకున్నదాంట్లో ఇంచుమించు సగమే. కాగితం మీద లెక్కపెట్టకండి, పెట్టె కింద కనబడే అంకెనే నమ్మండి.

మా మెయిల్ నోట్‌గా మారాక ఇలా అయింది:

> నమస్తే మేడమ్. ఆత్రేయపురంలో మేం పూతరేకులు చేస్తాం. మీ అకౌంట్స్ విభాగంలో ఒకరు మీ పేరు చెప్పారు. హైదరాబాద్ ఆఫీసులో దీపావళి గిఫ్టు బాక్సులు చూసేది మీరేనా, వేరే టీమా?

ఖాళీలు, చుక్కలతో కలిపి ఇది 161. మిగిలిన 39 అక్షరాలను నింపాలని చూడకండి. ధర కూడా ఇరికిద్దామని నేను ఒకసారి ప్రయత్నించాను. అప్పుడు చదివేవారి దృష్టి ప్రశ్న మీద నుంచి ధర మీదకు పోతుంది, "ఖరీదు ఎక్కువ" అని మనసులో అనుకుని పక్కన పెట్టేస్తారు. మీ పేరు కూడా రాయనక్కర్లేదు, ప్రొఫైల్‌లో ఫోటో పక్కనే ఉంటుంది. మెయిల్ చివర సంతకం అలవాటున్నవాళ్లు ఇక్కడ పేరు, హోదా, ఫోన్ నంబర్ పెట్టి సగం చోటు పోగొట్టుకుంటారు.

నోట్ చివర ఉన్న "మీరేనా, వేరే టీమా?" అన్న ప్రశ్నను కావాలనే అలా పెట్టాను. ఆ పని ఆవిడది కాకపోయినా జవాబివ్వడానికి దారి ఉంటుంది. "అడ్మిన్ వాళ్లు చూస్తారండీ" అని వచ్చిన జవాబుల వల్లే మేము అసలు మనిషి దగ్గరకు వెళ్లగలిగాం. ఇక్కడ "ఒకరు" అని రాసినచోట మీరు అసలు పేరే రాయాలి. రాసేముందు ఆ మనిషిని అడిగి, సరేనన్నాకే రాయండి.

రిక్వెస్ట్ ఒప్పుకున్నాక

ఒప్పుకున్న నిమిషంలోనే పెద్ద మెసేజ్ దించేయడం లింక్డ్‌ఇన్‌లో అందరినీ విసిగించే పని. ఇప్పుడు మెసేజ్ పెట్టెలో వేల అక్షరాలు పడతాయి కాబట్టి దాచుకున్న మెయిల్‌ను అతికించాలనిపిస్తుంది. వద్దు. ఆవిడ "నేనే చూస్తాను" అంటే ఆరోజే జవాబివ్వండి. ఏమీ అనకుండా ఒప్పుకుని ఊరుకుంటే రెండు రోజులు ఆగి ఇది పంపండి:

> థాంక్స్ మేడమ్. పది పూతరేకుల బాక్సు 240 రూపాయలు, జీఎస్టీ అదనం. కనీసం 100 బాక్సులు. ఆర్డర్ ఇచ్చాక 12 రోజుల్లో ఆఫీసుకే చేరుస్తాం. ఈ వారం ఒక శాంపిల్ బాక్సు పంపమంటారా?

మెయిల్ నుంచి మూడు సంగతులు ఇక్కడికి తిరిగి వచ్చాయి: ధర, కనీస ఆర్డర్, రోజులు. ఈ దశలో ఆవిడ "మనకు కుదురుతుందా" అని చూసుకునేవి ఈ మూడే. కనీసం 100 బాక్సులన్న మాట దాచకండి. 30 మంది ఉన్న ఆఫీసు అయితే ఇక్కడే తేలిపోతుంది, ఇద్దరి సమయమూ మిగులుతుంది.

వాట్సాప్ లెక్క వేరు

లింక్డ్‌ఇన్‌లో పని విషయం మాట్లాడడానికే వస్తారు. వాట్సాప్ అలా కాదు. అమ్మ మెసేజ్‌కీ పిల్లల స్కూల్ గ్రూపుకీ మధ్యలో మీ మెసేజ్ పడుతుంది. తెలియని నంబర్ నుంచి వస్తే పక్కనే బ్లాక్ చేసే బటన్ కూడా కనబడుతుంది. ఎక్కువమంది బ్లాక్ చేసినా, రిపోర్ట్ చేసినా మీ నంబర్‌నే వాట్సాప్ ఆపేయవచ్చు. కాబట్టి నంబర్ ఎక్కడో దొరికిందని పంపకండి. వారే ఇచ్చి ఉండాలి, లేదా వారిని అడిగి వేరేవారు ఇచ్చి ఉండాలి. అలా కాకపోతే లింక్డ్‌ఇన్ లేదా మెయిల్‌తోనే మొదలుపెట్టండి.

ఇక్కడ ముందు ఆలోచించాల్సింది మొదటి అర వాక్యం. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనబడేది అంతే. "నమస్కారం మేడమ్, మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను" అని మొదలుపెడితే ఆ తెరంతా దానికే సరిపోతుంది. విషయం లోపలే ఉండిపోతుంది. మెయిల్‌లో సబ్జెక్ట్ లైన్ చేసే పని ఇక్కడ మొదటి మాటలే చేయాలి:

> నమస్తే మేడమ్, దీపావళి పూతరేకుల బాక్సుల గురించి, ఆత్రేయపురం నుంచి రాస్తున్నాను. మీ అకౌంట్స్‌లో ఫలానా గారు మిమ్మల్ని అడిగి ఈ నంబర్ ఇచ్చారు. పది ఉండే బాక్సు 240, కనీసం 100 బాక్సులు. ఈ ఏడాది గిఫ్టులు ఇంకా ఖాయం కాకపోతే ఒక శాంపిల్ పంపమంటారా?

లింక్డ్‌ఇన్ నోట్‌లో లేని ధర ఇక్కడ మొదటే ఉంది. తెలిసినవారి ద్వారా వచ్చాం కాబట్టి ఈ పని చూసేది ఆవిడేనని మనకు ముందే తెలుసు. "మీరేనా" అని అడగనక్కర్లేదు. ఒక మెట్టు ముందు నుంచే మాట మొదలైంది.

ఇదంతా ఒకే మెసేజ్‌గా పంపండి. "హాయ్ మేడమ్" అని ఒకటి పంపి జవాబు కోసం చూడకండి. "నమస్తే" ఒకటి, "నేను ఆత్రేయపురం నుంచి" ఒకటి, "ఒక విషయం" ఒకటి అని ముక్కలు చేస్తే అవతల ఫోన్ పదేపదే మోగుతుంది. మీటింగ్‌లో ఉన్న మనిషికి అది టెన్షన్. మొదటి పరిచయంలో వాయిస్ మెసేజ్ కూడా వద్దు. చెవిలో పెట్టుకుని వినాలంటే ఆఫీసులో కుదరదు, పైగా ధర ఎంతన్నారో మళ్లీ వెతుక్కోవాలంటే మొదటి నుంచి వినాలి.

ఫోటో ఒక్కటి చాలు, అదీ మెసేజ్ తర్వాత. విప్పిన పూతరేకు, దాని లోపలి బెల్లం, జీడిపప్పు కనబడే ఫోటో మాకు బాగా పనిచేసింది. పీడీఎఫ్ మొదట్లో పంపకండి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, అందులో క్యాటలాగ్ పెట్టుకుంటే మిగతా రకాలు చూడాలనుకున్నవారు అక్కడే చూసుకుంటారు.

పంపాక తప్పు కనబడితే 15 నిమిషాల్లోపు ఆ మెసేజ్‌నే సవరించవచ్చు. ధరలో అంకె తప్పు పడితే వెంటనే సవరించండి. మరో మెసేజ్ పెట్టి "సారీ, 240" అనాల్సిన పని ఉండదు.

వంద మందికి ఒకేసారి పంపొచ్చని బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. మీ నంబర్‌ను ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజ్ చేరుతుంది. కొత్తవారికి చేరదు. పాత కస్టమర్లకు పండగ ముందు చెప్పడానికి అది సరిగ్గా సరిపోతుంది, కొత్త పరిచయాలకు పనికిరాదు.

మర్యాద ఎక్కడ ఉంచాలి

కుదిస్తే పెడసరంగా వినబడుతుందేమోనన్న భయం నాకు చాలాకాలం ఉండేది. "మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు క్షమించండి" లాంటి వాక్యాలు అందుకే తీయలేకపోయాను. తెలుగులో ఆ భయం అక్కర్లేదు. మన మర్యాద అంతా "గారు"లోనూ, క్రియ చివరలోనూ ఉంటుంది. "శాంపిల్ కావాలా?" అంటే కొట్టువాడు అడిగినట్టు ఉంటుంది. "శాంపిల్ పంపమంటారా?" అంటే నిర్ణయం వారి చేతిలో పెట్టినట్టు ఉంటుంది. పెరిగింది ఒకటి రెండు అక్షరాలే. "రేపటికల్లా చెప్పండి" కంటే "రేపటికి చెప్పగలరా?" నయం. క్షమాపణ వాక్యం మొత్తం తీసేసి, ఆ చివరి క్రియను మాత్రం జాగ్రత్తగా రాయండి.

ఇంగ్లీషులో రాస్తున్నా, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నా పేరు పక్కన గారు ఉంచండి. పేరు స్పెల్లింగ్ వారి ప్రొఫైల్ చూసి రాయండి. చిన్న మెసేజ్‌లో పేరు తప్పు మరీ పెద్దగా కనబడుతుంది. "సర్/మేడమ్" అని రెండూ రాస్తే ఇది వంద మందికి వెళ్లిందని ఇట్టే తెలిసిపోతుంది.

జవాబును బట్టి ఎక్కడ తప్పిందో తెలుసుకోండి

"ఎవరండీ?" అని వస్తే మీ పరిచయం మొదట్లో లేదు, లేదా నోటిఫికేషన్‌లో కనబడేంత ముందు లేదు. "ఏం కావాలి?" అని వస్తే ప్రశ్న లేదు, లేదా రెండు ప్రశ్నలు ఉన్నాయి. "చూస్తాం" అని ఆగిపోతే మీరు అడిగినది ఒక్క మాటతో తేలేది కాదు. "నా నంబర్ ఎవరిచ్చారు?" అంటే వెంటనే ఉన్నమాట చెప్పి, ఇక రాయనని చెప్పి ఆగండి. నీలం టిక్కులు పడి జవాబు లేకపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేరు. చదివి మర్చిపోయి ఉండొచ్చు, పనిలో ఉండొచ్చు. టిక్కులు నీలంగా మారకపోయినా చదివి ఉండొచ్చు, చాలామంది ఆ సెట్టింగ్ ఆపేసుకుంటారు.

జవాబు రాకపోతే నాలుగైదు పనిదినాలు ఆగి, ఒక్కసారే గుర్తుచేయండి. "నా మెసేజ్ చూశారా?" అని అడిగితే వారిని తప్పుపట్టినట్టు ఉంటుంది. కొత్త సంగతి ఒకటి చెప్పండి: "మేడమ్, దీపావళి ఆర్డర్లు ఈ నెల 20 వరకే తీసుకుంటున్నాం. మీకు శాంపిల్ పంపమంటారా, ఈ ఏడాదికి వద్దంటారా?" వద్దనడానికి దారి ఇచ్చాక జవాబులు పెరిగాయి. వాటిలో వద్దన్నవీ ఉన్నాయి, వాటివల్లా మాకు మేలే జరిగింది. ఎన్ని రేకులు తీయించాలో వదినకు ముందే తెలిసేది. ఆ తేదీ నిజమైనదే అయి ఉండాలి. 20 తర్వాత కూడా ఆర్డర్ తీసుకుంటే వచ్చే ఏడాది ఆ మాట ఎవరూ నమ్మరు.

మళ్లీ మెయిల్‌కు ఎప్పుడు వెళ్లాలి

"శాంపిల్ బాగుంది, వివరాలు పంపండి" అన్న రోజున వాట్సాప్‌లో ముక్కలుగా జవాబివ్వకండి. "మెయిల్ ఐడీ ఇస్తే కొటేషన్ అక్కడికి పంపుతాను మేడమ్" అని అడగండి. ఇక్కడి నుంచి నిర్ణయం ఆవిడ ఒక్కరిది కాదు. పై అధికారి ఒప్పుకోవాలి, అకౌంట్స్ వాళ్లు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, జీఎస్టీ నంబర్ చూడాలి, అడ్వాన్స్ సంగతి రాతపూర్వకంగా ఉండాలి. మొదట్లో తీసేసిన వాక్యాలన్నీ ఇప్పుడు వాటి వాటి చోటుకు తిరిగి వస్తాయి. నాకు తీయడానికి మనసొప్పని ఆ బాక్సు మీద కంపెనీ పేరు సంగతి కూడా ఇక్కడే బాగా పనిచేసింది. దాన్ని చదివేది డబ్బు మంజూరు చేసే మనిషి కాబట్టి.

మెయిల్ పంపాక వాట్సాప్‌లో ఒక్క లైన్ పెట్టండి: "మేడమ్, కొటేషన్ ఇప్పుడే మెయిల్ చేశాను. సబ్జెక్ట్‌లో పూతరేకులు అని ఉంటుంది." కొత్త ఐడీ నుంచి వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడితే ఆ మాటతో వెతికి పట్టుకుంటారు.